కాపలా లేని తీగ: పురసవాక్కంలో ఒక సంవాదం

పురసవాక్కం హైరోడ్డుకు అటూ ఇటూ ఉన్న సందుల్లో పాత మిద్దెలు పడగొట్టి కట్టిన అపార్టుమెంట్లు బోలెడు. వీధి పక్కన ఈబీ వారి పిల్లర్ బాక్సు, అక్కణ్ణుంచి నేల కింద కేబులు, మెట్ల కింద మీటర్ బోర్డు. దాదాపు అన్నిచోట్లా అమరిక ఇదే. (2024లో టాంజెడ్కోను విడదీసి పంపిణీకి వేరే కార్పొరేషను పెట్టినా చెన్నై జనం నోట అది ఈబీయే.) ఇలాంటి భవనంలో ఒక్కో రోజు కొన్ని ఇళ్లలో టీవీలూ రౌటర్లూ కాలిపోతాయి. అదే సమయానికి పక్కిళ్లలో దీపాలు గుడ్డిగా వెలుగుతుంటాయి. ఆ తర్వాత మెట్ల దగ్గర మొదలయ్యే వాదనను ఇక్కడ ఇద్దరు కల్పిత వ్యక్తుల నోట పెడుతున్నాను. ఒకరు అపార్టుమెంటు సంఘం కార్యదర్శి, వృత్తిరీత్యా న్యాయవాది. మరొకరు విద్యుత్ పంపిణీలో పనిచేసి రిటైరైన ఇంజినీరు. నా మొగ్గు దాచుకోను. లెక్కలో ఇంజినీరుదే పైచేయి అంటాను, బాధ్యత దగ్గరికొచ్చేసరికి కార్యదర్శి మాటను కొట్టిపారేయలేను.

కార్యదర్శి: బాబాయిగారూ, నా వాదన సూటిగా చెబుతాను. మన ఇంటికి రావలసింది 240 వోల్టులు. లో వోల్టేజి సరఫరాలో ప్రకటించిన దానికి నూటికి ఆరు పాళ్లకు మించి తేడా ఉండకూడదని 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లో 54వది చెప్పింది. అంటే పైకి 254, కిందికి 226. అంతకు మించి వచ్చి వస్తువులు కాలాయంటే పంపినవారిదే తప్పు. ఇళ్లలో ఎంసీబీలున్నాయి, ఎర్తు ఉంది. మన జాగ్రత్తలో లోపమేమీ లేదు. ఇక మిగిలింది పరిహారం అడగడమే. మీరేమో దీన్ని ఇంజినీరింగు పాఠంగా మారుస్తారు.

ఇంజినీరు: పరిహారం అడగొద్దని నేననను అమ్మాయ్. కానీ అడిగేముందు ఏం జరిగిందో సరిగ్గా చెప్పగలగాలి కదా. నువ్వు ‘ఎక్కువ వోల్టేజి పంపారు’ అని రాసిస్తే వాళ్లు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కొలిచి, అంతా సరిగానే ఉందని జవాబిస్తారు. ఆ జవాబు అబద్ధం కూడా కాదు. ఆ పూట ట్రాన్స్‌ఫార్మర్ పంపవలసినంతే పంపింది. మన ఇళ్లకు 240 ఇచ్చే ఏర్పాటులో నాలుగు తీగలుంటాయి. మూడు ఫేజులు, ఒక న్యూట్రల్. ఏ రెండు ఫేజుల మధ్య కొలిచినా 415 వోల్టులు, ఏ ఫేజుకైనా న్యూట్రల్‌కూ మధ్య 240. ఒక్కో ఫేజు మీద కొన్ని ఇళ్లు వేస్తారు. ఇళ్లన్నిటి రెండో తీగా వెళ్లి న్యూట్రల్‌లో కలుస్తుంది. మూడు తాళ్లను ఒక ముడి వేసి మూడు దిక్కులకు ముగ్గురు లాగుతున్నారనుకో, ఆ ముడిని నడిమధ్యన కదలకుండా పట్టి ఉంచిన మేకు ఈ న్యూట్రల్. మేకు ఊడితే ముడి గట్టిగా లాగేవాడి వైపు జరుగుతుంది. వాడి తాడు పొట్టిదవుతుంది, మిగతా ఇద్దరివీ పొడుగవుతాయి. తాడు పొడవే ఆ ఫేజు మీది ఇళ్లకు అందే వోల్టేజి. కాబట్టి కరెంటు ఎక్కువ వాడుతున్న ఇళ్లకు వోల్టేజి పడిపోతుంది, తక్కువ వాడుతున్న ఇళ్లకు పెరుగుతుంది. నష్టం కొందరికే జరగడానికి కారణం ఇదే. దీనికీ పిడుగుకూ, గ్రిడ్డుకూ సంబంధం లేదు. ఆ క్షణాన పక్కింటివాళ్లు ఏమేం వేసుకున్నారన్నదే నీ టీవీకి ఎంత అందాలో తేలుస్తుంది.

కార్యదర్శి: పోలిక బాగానే ఉంది గానీ కోర్టులో పోలికలు నిలవవు. అంకెల్లో చూపండి.

ఇంజినీరు: పన్నెండిళ్ల భవనం, ఫేజుకు నాలుగిళ్లు అనుకుందాం. పొద్దున్నే మొదటి ఫేజు మీది ఇళ్లలో గీజర్లూ ఇస్త్రీపెట్టెలూ నడుస్తున్నాయి. సగటున ఇంటికి 2400 వాట్లు. రెండో ఫేజు ఇళ్లలో 1200. మూడో ఫేజు వాళ్లు చాలామంది ఊళ్లో లేరు, ఫ్యానూ రౌటరూ కలిపి ఇంటికి 240 వాట్లు. అంటే లోడ్లు 10, 5, 1 నిష్పత్తిలో ఉన్నాయి. న్యూట్రల్ బాగున్నంతసేపూ ముగ్గురికీ 240 అందుతుంది. ఫేజుల మధ్య సర్దుబాటు కాగా మిగిలిన తేడా కరెంటు, సుమారు 31 ఆంపియర్లు, న్యూట్రల్‌లో తిరిగి పోతుంది. ఇప్పుడు ఆ తీగ తెగింది. తేడా కరెంటుకు పోయే దారి లేదు. ముడి 117 వోల్టుల దూరం జరిగి మళ్లీ నిలబడుతుంది. లెక్క వేస్తే మొదటి ఫేజు ఇళ్లకు 145 వోల్టులు, రెండో ఫేజుకు 274, మూడో ఫేజుకు 344. ఊళ్లో లేనివాళ్ల రౌటరు కాలడానికి కారణం పక్కింటి గీజరు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. దీపాలు మరీ వెలుగుతున్నాయని భయపడి రెండో ఫేజు ఇళ్లవాళ్లు నలుగురూ మెయిన్ ఆపేశారనుకో. వాళ్లు బయటపడ్డారు, నిజమే. కానీ మిగిలిన రెండు గుంపులూ 415 వోల్టుల మధ్య ఒకదాని వెనక ఒకటిగా వేలాడతాయి. మొదటి ఫేజుకు 38 వోల్టులు, మూడో ఫేజుకు 378. ఒకరి జాగ్రత్త మరొకరికి గండమైంది. ఇంకా, మూడో ఫేజు ఇళ్లలో ఒక వస్తువు కాలి ఆగిపోతే అక్కడి లోడు మరింత తగ్గి, మిగిలినవాటి మీద వోల్టేజి మరింత పెరుగుతుంది. ఒకదాని తర్వాత ఒకటి పోతున్నాయని జనం చెప్పేది అందుకే. లోడ్లన్నీ హీటర్లలాంటివే అనుకుని వేసిన లెక్క ఇది. నిజం ఇంకొంచెం మొండిది. టీవీ, చార్జరు లాంటివి వోల్టేజి పెరిగితే కరెంటు తగ్గించి తీసుకుంటాయి కనుక తేలిక ఫేజు మీద వోల్టేజి ఈ అంకెను దాటిపోవచ్చు.

కార్యదర్శి: 344 వోల్టులు లోపలికి వస్తుంటే ఎంసీబీ ఎందుకు పడలేదు? మొన్ననే డబ్బు పోసి ఆర్‌సీసీబీలు కూడా పెట్టించాం. అవీ కదల్లేదు.

ఇంజినీరు: ఎంసీబీకి వోల్టేజి సంగతి తెలియదు. దానికి తెలిసింది కరెంటొక్కటే. ఇంట్లో నడుస్తున్నది ఒక రౌటరూ ఫ్యానూ అయితే 344 దగ్గర కూడా కరెంటు రెండు ఆంపియర్లకు చేరదు. లోపల ఏదైనా కాలి షార్టయితే అప్పుడు పడుతుంది, ఈలోగా జరగవలసింది జరిగిపోయి ఉంటుంది. ఆర్‌సీసీబీ చూసేది ఫేజులో వెళ్లిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటూ సమానమా అని మాత్రమే. బయట న్యూట్రల్ తెగినా నీ ఇంట్లో ఆ రెండూ సమానమే, నీ కరెంటు పక్కింటి గుండా తిరిగిపోతోంది కనుక. ప్రాణం కాపాడే పరికరం అది, దాన్ని తీసేయమనడం లేదు. ఈ జబ్బుకు మందు మాత్రం కాదు. సర్జ్ ప్రొటెక్టరూ అంతే. పిడుగు తెచ్చే పోటు సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, ఆ పరికరం దానికోసం చేసినది. నిమిషాల తరబడి 344 పెడితే అందులోని బిళ్ల తానే కాలిపోతుంది. టీవీ లోపల ఏమవుతుందో కూడా చెబుతాను, రిపేరువాడు రాసిచ్చే కాగితం చదవడానికి నీకు పనికొస్తుంది. వచ్చిన ఏసీని అది ముందు డీసీ చేసి ఒక కెపాసిటరులో నింపుకుంటుంది. అందులో నిండేది అల శిఖరం. 240కి శిఖరం 339 వోల్టులు. ఆ కెపాసిటరు మీద సాధారణంగా 400 అనో 450 అనో అచ్చు వేసి ఉంటుంది. 344 వస్తే శిఖరం 486. మూత ఉబ్బి, చీలి, వాసన కొడుతూ పోతుంది. ఉబ్బిన మూతతో ఒకే రోజు ఒకే ఫేజు మీది నాలుగిళ్లలో బోర్డులు దొరికాయంటే, అది పాతబడి పోయిన టీవీ అని ఎవరూ అనలేరు. తక్కువ వోల్టేజి వైపు ఇళ్లూ క్షేమమని కాదు. 145 దగ్గర ఫ్రిజ్ కంప్రెసరు తిరగలేక ఎగశ్వాస తీస్తుంది, ఆగిన మోటారు మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగి వైండింగును కాల్చుకుంటుంది.

కార్యదర్శి: సరే, ఎంసీబీ సంగతి ఒప్పుకుంటాను. ఎర్తు మాటేమిటి? న్యూట్రల్‌ను భూమికి కలపాలని 1956 నిబంధనల్లోనే ఉండేది కదా, 61వది. సబ్‌స్టేషన్ దగ్గర రెండు వేర్వేరు ఎర్తులు, దారిలో మరోచోటో మరెన్నో చోట్లో. మన భవనానికీ మంచి ఎర్తు గొయ్యి ఉంది. తీగ తెగినా కరెంటు భూమి గుండా పోవాలిగా? మా ఎలక్ట్రీషియను అయితే మీటర్ బోర్డు దగ్గర న్యూట్రల్‌నూ ఎర్తునూ కలిపేస్తే గొడవే ఉండదంటున్నాడు.

ఇంజినీరు: ఆ కలిపే పని మాత్రం చేయనివ్వకు. ఎందుకో లెక్కలోనే చూడు. మన గొయ్యి, ట్రాన్స్‌ఫార్మర్ గొయ్యి, మధ్య నేల అన్నీ కలిపి పది ఓములు అనుకుందాం. చెన్నైలో ఎండాకాలం ఎండిన గోతికి అది మంచి అంకే. మన పన్నెండిళ్ల లోడు ఉండగా తీగ తెగితే ముడి 117 బదులు 85 వోల్టులు జరుగుతుంది. మూడో ఫేజుకు 344 బదులు 314. కొంత తగ్గింది, టీవీ మాత్రం అప్పుడూ కాలుతుంది. అసలు ప్రమాదం వేరే ఉంది. న్యూట్రల్, ఎర్తు ఒకటే అయ్యాక ఆ 85 వోల్టుల్లో చాలా భాగం ప్రతి ఇంటి ఫ్రిజ్ తలుపు మీదా, వాషింగ్ మెషీను డొక్కు మీదా, గీజరు కుళాయి మీదా నిలబడుతుంది. వస్తువులు కాలే జబ్బును మనుషులకు తగిలే జబ్బుగా మార్చినట్టు. నిబంధన చెప్పిన ఎర్తులు పంపిణీవాళ్ల బాధ్యత, అవి లైను పొడవునా ఎన్నో ఉంటేనే ఫలితం. తెగిన న్యూట్రల్ బదులు కరెంటు మోయడం ఒక్క గొయ్యి తరం కాదు.

కార్యదర్శి: అయితే నా మొదటి మాటకే వచ్చాం. తీగ తెగడం అకస్మాత్తుగా జరిగే ప్రమాదం. అది వాళ్ల తీగ. మనం చేయగలిగింది లేదు.

ఇంజినీరు: రెండు మాటలన్నావు, రెండింటికీ అడ్డం చెబుతాను. ఇది అకస్మాత్తుగా వచ్చేది చాలా అరుదు. తీగ మధ్యలో తెగదు, అతుకు దగ్గర పోతుంది. మన కేబుళ్లు అల్యూమినియం. లగ్గు కింద బోల్టు కొంచెం వదులైతే అల్యూమినియం మీద తుప్పుపొర పేరుకుంటుంది. కరెంటు ఎక్కినప్పుడు వేడెక్కి సాగుతుంది, తగ్గినప్పుడు ముడుచుకుంటుంది, బోల్టు మరింత వదులవుతుంది. ఉప్పు గాలి, అక్టోబరు నుంచి పడే వానలు దానికి తోడు. అతుకులో పదో వంతు ఓము చేరిందనుకో, మన 31 ఆంపియర్లకు అక్కడ వంద వాట్ల వేడి పుడుతుంది, బొటనవేలంత చోట. అది రోజులు, వారాలు ఉడికి ఉడికి ఒక రోజు వదిలేస్తుంది. ఫేజు అతుకైతే ఎవరింట్లోనో కరెంటు పోయి గోల అవుతుంది, మనిషి వచ్చి చూస్తాడు. న్యూట్రల్‌కు ఫ్యూజు ఉండదు. 1956 నిబంధనల్లో 32వది, ఎర్తు చేసిన న్యూట్రల్‌లో విడిగా ఫ్యూజుగానీ లింకుగానీ స్విచ్చిగానీ పెట్టకూడదంది, ఫేజులతో కలిసి ఒక్కసారే ఆగే స్విచ్చి తప్ప. సరైన నిబంధన. ఫ్యూజు ఉంటే అది ఎగిరిన ప్రతిసారీ ఈ ఉపద్రవమే. కానీ దాని ఫలితంగా నాలుగు తీగల్లో కాపలా లేనిది ఇదొక్కటే అయింది. కాపలా లేకపోయినా ముందుగా ఆనవాళ్లు ఉంటాయి. ఎవరో గీజరు వేస్తే మరో ఇంట్లో దీపం వెలుగు పెరగడం అన్నిటికన్నా గట్టి గుర్తు. వెలుగు తగ్గడం మామూలే, పెరగడం మామూలు కాదు. ప్లగ్గులో న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య మల్టీమీటరు పెడితే ఒకటి రెండు వోల్టులు ఉండాలి. పది దాటి, ఇళ్లలో లోడు మారినప్పుడల్లా ఊగుతుంటే అతుకు ఉడుకుతోందని అనుమానించాలి. తీగ పూర్తిగా పోయిన రోజున బోర్డు దగ్గర ఫేజుకూ ఫేజుకూ మధ్య 415 నిలకడగా ఉండి, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య మూడు మూడు తీర్లుగా ఉంటుంది. మూడు ఫేజుల నీళ్ల పంపు మోటారు మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతూనే ఉంటుంది, దానికి న్యూట్రల్‌తో పని లేదు.

కార్యదర్శి: మీరు చెప్పినదాంట్లోనే నా వాదనకు బలం దొరుకుతోంది. వారాలుగా ఉడికే అతుకును చూడని సంస్థ ‘ప్రమాదం’ అని తప్పించుకోలేదు. ఇంకొకటి అడుగుతాను. భూగర్భ కేబులును మూడున్నర కోర్ అంటారు కదా. మూడు ఫేజులకు నిండు తీగలు, న్యూట్రల్‌కు సగం తీగ. అసలే కాపలా లేనిదానికి సగం తిండి పెట్టడం ఎవరి నిర్ణయం?

ఇంజినీరు: ఈ దెబ్బ న్యాయంగా తగిలింది. 120 చదరపు మిల్లీమీటర్ల కేబులులో న్యూట్రల్ 70 ఉంటుంది. మూడు ఫేజుల మీద లోడు సమానంగా ఉంటే కరెంట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని న్యూట్రల్‌లో మిగిలేది తక్కువ, కాబట్టి సగం చాలన్నది అప్పటి లెక్క. మోటార్లూ ఫిలమెంటు బల్బులూ ఉన్న కాలానికి అది సరిపోయింది. ఇప్పుడు ఎల్‌ఈడీలు, కంప్యూటర్లు, ఇన్వర్టర్లు కరెంటును అల అంతటా కాకుండా శిఖరం దగ్గర గుటకలుగా మింగుతాయి. ఆ గుటకల్లోని మూడో హార్మోనిక్ మూడు ఫేజుల నుంచీ వచ్చి న్యూట్రల్‌లో కొట్టుకుపోకుండా కూడుతుంది. లోడు సమానంగా పంచినా న్యూట్రల్ ఖాళీగా ఉండదు. పాత వీధుల్లో కేబులు మార్చేటప్పుడు నిండు న్యూట్రల్ అడగడం సమంజసమే. అయితే నీ రెండో మాట, ‘అది వాళ్ల తీగ’ అన్నది, ప్రతిసారీ నిజం కాదు. మీటర్ బోర్డుకు అవతల, ఇత్తడి న్యూట్రల్ బార్ దగ్గర నుంచి ఇళ్లకు పోయేది మనదే. జనరేటరు ఉంటే నాలుగు పోళ్ల చేంజోవర్ స్విచ్చి ఉంటుంది. అందులో న్యూట్రల్ పోలు అన్నిటికన్నా ముందు కలిసి, అన్నిటికన్నా చివర విడిపోవాలి. అరిగిపోయిన స్విచ్చిలో ఆ పోలు అంటకపోతే కరెంటు వచ్చిన క్షణమే పన్నెండిళ్లకూ ముప్పు. అక్కడ ఈబీని ఏమనగలం? అందుకే నేననేది, కాపలా భవనం గుమ్మంలో ఉండాలి, మూడు ఫేజులూ లోపలికొచ్చే చోట. ప్రతి ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య వోల్టేజి చూస్తూ, 270 దాటగానే మూడింటినీ కలిపి తెంపే రిలే, కాంటాక్టరు. యూరప్‌లో ఇళ్ల కోసం ఈఎన్ 50550 అని ప్రమాణమే రాశారు. 275 వోల్టుల దగ్గర 15 సెకన్లలోపు, 400 దగ్గర సెకనులో అయిదో వంతులోపు తెంపాలంటుంది. కొనేటప్పుడు ఒకటి చూసుకోవాలి. పంపుకు పెట్టే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరును చూపించి ఇదీ అదేనంటారు. అది చూసేది ఫేజుల మధ్య వోల్టేజిని. న్యూట్రల్ పోయినా అక్కడ 415 అలాగే ఉంటుంది కనుక దానికి ఏమీ కనపడదు.

కార్యదర్శి: తెంపితే పన్నెండిళ్లూ చీకటే. ఊపిరి యంత్రం మీద ఉన్న పెద్దవాళ్లుంటారు, లిఫ్టులో మనుషులుంటారు. ఏ ఇంటికి ఆ ఇంట్లో ప్రొటెక్టరు పెట్టుకుంటే పోదా?

ఇంజినీరు: ఇంటింటి ప్రొటెక్టరు మంచిదే, పెట్టుకోమనే చెబుతాను. కానీ ఇందాకటి లెక్క గుర్తు చేసుకో. ఒక ఫేజువాళ్లు తప్పుకుంటే ఇంకో ఫేజుకు 344 కాస్తా 378 అయింది. ప్రొటెక్టరు ఉన్నవాడు తప్పుకోవడం లేనివాడికి చేటు. పన్నెండిళ్లలోనూ పెడతారన్న నమ్మకం ఉంటే అది చాలు, అపార్టుమెంటు సంఘాన్ని నడిపేదానివి, ఆ నమ్మకం నీకుందో లేదో నువ్వే చెప్పాలి. ఊపిరి యంత్రానికి బ్యాటరీ ఉండాలి, లిఫ్టుకు దగ్గర అంతస్తుకు చేర్చే ఏర్పాటు ఉండాలి. మామూలు కోతకైనా అవి కావలసినవే. 378 వోల్టులు ఆ యంత్రానికీ మంచివి కావు.

కార్యదర్శి: రిలే విషయం సర్వసభ్య సమావేశంలో పెడతాను. కానీ పరిహారం దగ్గర నేను తగ్గను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం విద్యుత్ సరఫరాను సేవగానే లెక్కించింది. 2003 విద్యుత్ చట్టం 42వ సెక్షను కింద పంపిణీ సంస్థ ఫిర్యాదుల వేదిక పెట్టాలి, దాని పైన అంబుడ్స్‌మన్ ఉంటారు. మీరు చెప్పిన ఆనవాళ్లన్నీ నాకు సాక్ష్యాలే. ఏ రోజు ఏ వేళ, ఏ ఫేజు మీది ఏ ఇళ్లు, బోర్డు దగ్గర కొలిచిన ఆరు అంకెల ఫోటో, లైన్‌మన్ వచ్చి బిగించిన అతుకు ఎక్కడిది, రిపేరు కాగితంలో కెపాసిటరు మాట. అతుకు పిల్లర్ బాక్సులోదైతే బాధ్యత వాళ్లది. మన బార్ మీదిదైతే సంఘానిది, అప్పుడు మూడో ఫేజువాళ్లకు మనమే జవాబు చెప్పుకోవాలి. దానికీ సిద్ధమే.

ఇంజినీరు: ఆ ఫోటో తీశాక చేయవలసిన మొదటి పని, ఇంటింటి స్విచ్చి వెతక్కుండా బోర్డు దగ్గర మూడు ఫేజుల మెయిన్ ఒకేసారి దించడం. తర్వాత ఈబీకి ఫోను. సెప్టెంబరులోగా, వానలు దిగకముందే, లైసెన్సున్న ఎలక్ట్రీషియనుతో మన వైపు న్యూట్రల్ బార్, చేంజోవర్ స్విచ్చి తెరిపించి చూపించు. మసిబారిన లగ్గులు, రంగు మారిన ఇన్సులేషను కనిపిస్తే మార్పించు. పిల్లర్ బాక్సు తనిఖీ కోరుతూ సెక్షన్ ఆఫీసులో కాగితం ఇచ్చి రసీదు తీసుకో. ఒక్కటి మాత్రం మరవకు. బోల్టు బిగించే ముందు మెయిన్ ఆపి ఉండాలి. కరెంటు ఉండగా న్యూట్రల్ బోల్టు ఒక్క చుట్టు వదులు చేసినా చాలు, 344 అప్పుడే వస్తుంది.